రిపోర్టు క్లీనే... మరి మైళ్ల సంగతి?

అమెరికాలో పాత కారు అమ్మేవాళ్లు ఇప్పుడు అడక్కముందే హిస్టరీ రిపోర్టు పంపేస్తున్నారు. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే పద్ధతి. నాలుగు ఫొటోలు, ధర, కింద ఒక కార్‌ఫాక్స్ పీడీఎఫ్. కొనేవాళ్లు మొదటి పేజీలో ‘యాక్సిడెంట్లు లేవు, టైటిల్ క్లీన్’ అన్న మాట చూసి అక్కడితో మూసేస్తారు. అసలు చదవాల్సింది లోపలి పేజీల్లో ఉంటుంది. ఒక తేదీ, పక్కనే ఓడోమీటర్ అంకె, ఆ పక్కన ఆ వివరం ఎక్కడి నుంచి వచ్చిందన్న మాట... ఇలా వరుసగా ఉండే ఆ పట్టికే కారు జాతకం.

రిపోర్టు ఇచ్చే కంపెనీ మనుషులెవరూ కారు దగ్గరికి వెళ్లి చూడరు. రాష్ట్రాల మోటారు వాహనాల శాఖలు, ఇన్‌స్పెక్షన్ కేంద్రాలు, డీలర్లు, సర్వీస్ షాపులు పంపిన వివరాలనే ఒకచోట పేరుస్తారు. ఎవరూ పంపనిది అందులో ఉండదు. కాబట్టి ‘క్లీన్’ అంటే చెడు ఏదీ నమోదు కాలేదని మాత్రమే అర్థం.

ఈమధ్య డాలస్ దగ్గర ఎం.ఎస్. చదువుతున్న మావాళ్ల కుర్రాడు ఒక రిపోర్టు పంపాడు. 2016 కామ్రీ, 84,300 మైళ్లు. అమ్మే ఆయన తెలుగువారే. ‘అన్నా, రిపోర్టు క్లీన్‌గానే ఉంది. అడ్వాన్స్ ఇచ్చేయనా?’ అన్నాడు. ఒక్క పూట ఆగమన్నాను.

ముందు చూసింది రెండే. రిపోర్టు మీదున్న 17 అక్షరాల విన్ నంబరు, కారులో డ్రైవర్ వైపు అద్దం కింద, డ్రైవర్ తలుపు స్టిక్కర్ మీద ఉన్న నంబరు ఒకటేనా అన్నది మొదటిది. విన్‌లో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అవి కనిపిస్తే ఎవరో తప్పుగా రాసినట్టే. రెండోది రిపోర్టు తీసిన తేదీ. ఆరు నెలల కిందటి రిపోర్టులో ఈ ఆరు నెలల కథ ఉండదు. పైగా పీడీఎఫ్‌లో అంకె మార్చడం మా వృత్తివాళ్లకే కాదు, ఎవరికైనా పది నిమిషాల పని. అందుకే డబ్బు ఇచ్చే ముందు అదే విన్‌తో రిపోర్టు మనమే కొనుక్కోవాలి. ఈ కామ్రీ విషయంలో రెండు రిపోర్టులూ ఒక్కలాగే ఉన్నాయి. అంటే ఆయన పంపినది అసలుదే.

ఇక అంకెలు. కారు 2016 మేలో టెక్సాస్‌లో కొత్తగా అమ్ముడైంది. 2018 మే ఇన్‌స్పెక్షన్‌లో 27,600. 2019 మేలో 41,700. 2020 జూన్‌లో 55,400. 2021 జులైలో 68,900. అదే ఏడాది అక్టోబరులో రెండో యజమాని పేరిట ఫ్లోరిడాలో టైటిల్ మారినప్పుడు 72,100. మొదటి నుంచి అక్కడిదాకా 65 నెలలు. భాగించి చూస్తే నెలకు దాదాపు 1,100 మైళ్లు, ఏ ఏడాదీ పెద్ద తేడా లేదు.

ఆ తర్వాత పట్టికలో మూడేళ్లు ఒక్క వరుస కూడా లేదు. మళ్లీ కనిపించేది 2024 సెప్టెంబరులో, డాలస్‌లో ఉద్గారాల పరీక్ష రోజున. అంకె 78,600. అంటే 35 నెలల్లో 6,500 మైళ్లు, నెలకు 186. ఇప్పటి యజమాని చేతికి వచ్చాక ఆరు నెలల్లో 5,700. మళ్లీ నెలకు 950!

అంకె ఎక్కడా వెనక్కి వెళ్లలేదు. అందుకే రిపోర్టులో ఏ హెచ్చరికా పడలేదు. ఖాళీ ఉండటం కూడా తప్పేమీ కాదు. ఫ్లోరిడాలో సొంత కార్లకు ఏటేటా ఇన్‌స్పెక్షన్ లేదు, ఉద్గారాల పరీక్షా లేదు. కాబట్టి అంకె రాసే సందర్భమే రాదు. టెక్సాస్‌లోనూ 2025 జనవరి నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. కొన్ని కౌంటీల్లో ఉద్గారాల పరీక్ష మాత్రం మిగిలింది. ఇకపై ఇలాంటి ఖాళీలు ఇంకా ఎక్కువే చూస్తాం. నన్ను ఆపింది ఖాళీ కాదు, ఖాళీకి అటూ ఇటూ ఉన్న వేగానికీ మధ్యలో వేగానికీ పొంతన లేకపోవడం. పాత వేగంతోనే నడిచి ఉంటే 2024 నాటికి 1,10,000 దాటాలి.

ఇంటి నుంచి పని చేసేవారో, రిటైరైన పెద్దాయనో నడిపి ఉంటే నెలకు 186 మైళ్లు సాధ్యమే. అప్పుడు ఆ మాటను కారు కూడా చెప్పాలి. అందుకే కుర్రాణ్ని టైర్లు చూసి రమ్మన్నాను. టైరు పక్కన ‘డాట్’ అనే కోడ్ ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. ఒక్కోసారి పూర్తి కోడ్ లోపలి వైపే ఉంటుంది, వంగి చూడాలి. నాలుగు టైర్ల మీదా 1123 అని ఉంది. అంటే 2023లో 11వ వారం, మార్చి నెల. అంతకుముందు అవి ఈ కారుకు ఎక్కే వీల్లేదు.

గాడి లోతును అంగుళంలో 32వ వంతుల్లో కొలుస్తారు. కొత్త టైరుకు సాధారణంగా 10 వంతులు ఉంటాయి, 2కు వస్తే మార్చేయాలి. ఈ కారుకు నాలుగింటికీ సమానంగా 5 మిగిలాయి. ఓడోమీటర్ మాట నిజమైతే ఆ టైర్లు నడిచింది మహా అయితే 12,200 మైళ్లు. మామూలు టైరు సగం లోతు పోవాలంటే పాతిక వేల మైళ్ల పైమాటే. అలైన్‌మెంట్ చెడితే త్వరగా అరుగుతాయి, నిజమే. కానీ అప్పుడు ఒక అంచే ఎక్కువ అరుగుతుంది, నాలుగూ సమానంగా అరగవు.

ఫ్లోరిడా కాలం నాటి సర్వీస్ బిల్లు ఒక్కటైనా ఉందా అని అడిగితే ఆయన దగ్గర లేదు. టైర్లు ఎవరో సెకండ్‌హ్యాండ్‌లో వేయించి ఉంటారన్నారు. అదీ జరగనిదేం కాదు. ఆయన మోసం చేశారని నేను అనను. ఆయన చేతికి వచ్చేసరికే అంకె అలా ఉంది. కానీ 84 వేల మైళ్ల ధర అడుగుతున్నారు, ఆ 84 వేలకు రుజువు లేదు. లక్షా పదహారు వేల మైళ్ల కారు ధరకు ఇస్తారా అని కుర్రాడు అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. బేరం అక్కడితో ఆగింది.

దీనికి తలకిందులైన కేసు కూడా చెప్పాలి. రిపోర్టులో ‘మైలేజ్ తేడా’ అని ఎర్రగా కనిపించినా కంగారు పడక్కర్లేని సందర్భం అది. నా కారుకే ఒక ఆయిల్ షాపులో 63,400 బదులు 36,400 కొట్టారు. అలాంటప్పుడు ఆ ఒక్క వరుసే విడిగా నిలబడుతుంది. ముందు వరుస 60,000, తర్వాతిది 66,000 ఉంటే మధ్యలోది టైపింగ్ పొరపాటు. మీటరు వెనక్కి తిప్పిన కారులో అలా ఉండదు. ఒకసారి పడిపోయిన అంకె తర్వాతి వరుసలన్నింటిలోనూ కిందే ఉండి, అక్కణ్నుంచి మళ్లీ పెరుగుతుంది.

చివరగా టైటిల్ కాగితం. 2011, ఆ తర్వాతి మోడళ్లకు 20 ఏళ్ల దాకా చేతులు మారిన ప్రతిసారీ అమ్మేవారు ఓడోమీటర్ అంకె రాసి, అది అసలు మైలేజో కాదో ప్రకటించి సంతకం పెట్టాలి. కొనేవారూ సంతకం చేయాలి. 2012 కారు టైటిల్ మీద ‘ఎగ్జెంప్ట్’ అని రాశారంటే అడగాల్సిందే. ‘నాట్ యాక్చువల్ మైలేజ్’ అని ఉంటే ఆ అంకెకు విలువ లేదు. తెలిసి తప్పుడు అంకె ప్రకటించడం ఫెడరల్ చట్టం కింద నేరం. రెండేళ్ల తర్వాత ఆ కామ్రీని తిరిగి అమ్మాల్సి వస్తే, అంకె పక్కన ‘అసలు మైలేజ్’ అని సంతకం పెట్టాల్సింది స్టూడెంట్ వీసా మీదున్న ఆ కుర్రాడే.