థర్మామీటరుకు అందని చల్లదనం

పిప్పరమింటు బిళ్ల చప్పరించాక మామూలు మంచినీళ్లు ఒక గుక్క తాగితే, అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు నోరు జివ్వుమంటుంది. గ్లాసులో థర్మామీటరు ముంచి చూడండి, బిళ్లకు ముందూ తర్వాతా అదే అంకె. నీళ్లు చల్లబడలేదు. అయినా నాలుక మాత్రం చల్లగా ఉన్నాయనే అంటుంది.

ఆవిరైపోతూ వేడిని లాగేసుకుంటుంది కాబట్టి చల్లగా అనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. ఇంజెక్షన్ ఇచ్చే ముందు చేతికి రాసే స్పిరిట్ విషయంలో అది నిజమే, అక్కడ చర్మం నిజంగానే చల్లబడుతుంది. పిప్పరమింటు సంగతి వేరని జర్మన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గోల్డ్‌షైడర్ 1886లోనే చెప్పాడు. ఇందులోని మెంథాల్ చర్మాన్ని చల్లబరచదని, చలిని పసిగట్టే నరాల మీదే నేరుగా పనిచేస్తుందని ఆయన వాదన. 1951లో హెర్బర్ట్ హెన్సెల్, ఇంగ్వె జొటెర్‌మన్ పిల్లి నాలుక నుంచి వచ్చే నరంలో విద్యుత్ సంకేతాలు కొలిచి దీన్ని బలపరిచారు. నాలుక వెచ్చగా ఉండగా ఊరుకున్న చలి నరాలు, మెంథాల్ తగలగానే అదే వెచ్చదనంలో సంకేతాలు పంపడం మొదలుపెట్టాయి.

మెంథాల్ అంటే పిప్పరమింటు ఆకు నూనెలో సుమారు సగం దాకా ఉండే పదార్థం. ఆయుర్వేద దుకాణాల్లో పుదీనా పువ్వు పేరుతో తెల్లని స్ఫటికాలుగా దొరికేది ఇదే. మన పచ్చడి పుదీనాలో సాధారణంగా దీని పాలు చాలా తక్కువ. దాని వాసనకు కార్వోన్ అనే వేరే పదార్థం కారణం. పుదీనా పచ్చడి ఎంత తిన్నా బిళ్ల చప్పరించినంతగా నోరు చల్లబడకపోవడం అందుకే.

నరం కొసలో మెంథాల్ తగిలే చోటేమిటో తేలడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం అప్పటికే, 1997లో, మిరపకాయ మంటకు కారణమైన ప్రోటీన్‌ను పట్టుకుంది. మెంథాల్‌కూ దాదాపు అదే ఉపాయం వాడారు. ఎలుక ముఖంలో స్పర్శను మోసే నరకణాల్లో పనిచేసే జన్యువులను తీసి, మెంథాల్‌ను పట్టించుకోని మామూలు కణాల్లోకి విడతలవారీగా ఎక్కించారు. లోపలికి కాల్షియం చేరితే మెరిసే రంగును ఆ కణాలకు పట్టించి, పైన మెంథాల్ పోశారు. ఏ విడతలో మెరుపు కనిపిస్తే దాన్ని మళ్లీ మళ్లీ విడగొడుతూ చివరకు ఒకే ఒక్క జన్యువు దగ్గరికి చేరారు. అదే 2002లో, అదే రాష్ట్రంలో ఆర్డెమ్ పటపూటియన్ బృందం మరో దారిలో అదే ప్రోటీన్‌ను కనుగొంది. దాని పేరు టీఆర్‌పీఎం8. వేడినీ స్పర్శనూ పసిగట్టే గ్రాహకాలను కనుగొన్నందుకు 2021లో వైద్య నోబెల్ ఈ ఇద్దరికే వచ్చింది.

టీఆర్‌పీఎం8 నరం కొసలోని పొరలో ఇమిడి ఉండే సన్నని కాలువ. వెచ్చగా ఉన్నంతసేపూ ముడుచుకుని ఉంటుంది. ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీల కిందికి దిగితే తెరుచుకుంటుంది. అప్పుడు బయటున్న సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి, నరం కొసలో విద్యుత్ పుడుతుంది, ‘చలి’ అనే వార్త మెదడుకు వెళ్తుంది. మెంథాల్ ఈ కాలువ గోడలో ఒక గుంటలో కూర్చుని, అది తెరుచుకోవడాన్ని సులువు చేస్తుంది. జూలియస్ బృందం కొలిచినప్పుడు, మెంథాల్ ఉండగా ఆ 26 కాస్తా 30కి దగ్గరగా జరిగింది. మోతాదు పెరిగే కొద్దీ ఇంకా పైకి జరుగుతుంది.

ఇప్పుడు మొదట తాగిన నీళ్ల లెక్క తేలుతుంది. గదిలో పెట్టిన నీళ్లు 28 డిగ్రీలున్నాయనుకోండి. మామూలుగా అయితే ఆ వేడిమికి కాలువలు దాదాపు మూసుకునే ఉంటాయి. బిళ్ల చప్పరించాక అవే నీళ్లు 30 కంటే కింద ఉన్నాయి కాబట్టి గుంపుగా తెరుచుకుంటాయి. గట్టిగా ఊపిరి పీల్చినా ఇదే జరుగుతుంది, బయటి గాలి నోటికంటే చల్లన కదా. పిప్పరమింటు టీ వేడివేడిగా గొంతులో దిగుతున్నప్పుడు మాత్రం చల్లదనం అంతగా తెలియదు. ఆ వేడి కాలువను మూసే ఉంచుతుంది. కప్పు కింద పెట్టి గాలి పీల్చినప్పుడు తెలుస్తుంది.

వీధి గంట నొక్కింది చుట్టమైనా పిల్లవాడి ఆకతాయితనమైనా ఇంట్లో వినిపించే మోత ఒకటే. కాలువను తెరిచింది మంచో మెంథాలో మెదడుకూ తెలియదు. కాసేపటికి ఈ చల్లదనం దానంతటదే తగ్గడానికి కారణమూ ఈ కాలువలోనే ఉంది. తెరుచుకుని ఉండాలంటే దానికి నరం పొరలోని ఒక రకం కొవ్వు అణువు ఆసరా కావాలి. లోపలికి చేరిన కాల్షియం ఆ అణువులను తరిగిపోయేలా చేస్తుంది, కాలువ మళ్లీ మందగిస్తుంది.

జలుబులో ఈ మాయ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మెంథాల్ పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. బ్రిటన్‌లో కార్డిఫ్‌లో రాన్ ఎక్లెస్ జలుబుతో ఉన్నవాళ్లకు మెంథాల్ బిళ్లలిచ్చి, ముక్కులో గాలికి ఎంత అడ్డు తగులుతోందో యంత్రంతో కొలిచారు. గాలి బాగా ఆడుతోందని వాళ్లు అన్నారు, యంత్రంలో మాత్రం తేడా లేదు. వాపు అలాగే ఉంది. గాలి ముక్కు లోపలి గోడలను ఎంత చల్లబరుస్తోందన్నదే ఊపిరి ఆడుతోందనడానికి మనకున్న ఆనవాలు, మెంథాల్ ఆ ఆనవాలునే పెంచుతుంది. నన్నడిగితే ఇది మోసమేమీ కాదు, రాత్రి నిద్రపట్టడానికి ఆ భావన చాలు. వాపును తగ్గించే మందు అనుకుంటేనే పొరపాటు.

నొప్పి సంగతి కొంచెం వేరు. చలి నరాల సంకేతం వెన్నుపాములో నొప్పి సంకేతాన్ని కొంత అణచగలదు. టీఆర్‌పీఎం8 జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకలకు మెంథాల్ ఇస్తే నొప్పి తగ్గలేదు. అంటే ఆ ఉపశమనం ఈ కాలువ మీదుగానే వస్తోంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టేనాటికి ఈ కాలువ సంగతి ఎవరికీ తెలియదు. నుదుటికి రాసుకున్నవాళ్లకు పని జరిగింది, అంతే.

మోతాదు మించితే మాత్రం కథ తిరగబడుతుంది. మెంథాల్ ఎక్కువైనప్పుడు ఆవాల ఘాటుకు స్పందించే మరో కాలువనూ లేపుతుంది, చల్లదనం పోయి మంట మొదలవుతుంది. మెంథాల్, వింటర్‌గ్రీన్ నూనె రకం పదార్థం కలిసిన ఘాటైన పూతమందుల వల్ల కొందరికి చర్మం కాలి బొబ్బలెక్కినట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరించింది. బామ్ రాసి పైన గట్టిగా కట్టు కట్టడం, వేడి కాపడం పెట్టడం అందుకే వద్దంటారు. చల్లగా అనిపిస్తున్న చోట నిజంగా ఎంత వేడి తగులుతోందో మనకు సరిగా తెలియదు కూడా. పసిపిల్లల ముక్కు దగ్గర అసలే రాయకూడదు. వాళ్లలో మెంథాల్ ఘాటుకు గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరలోనూ ఈ చలి నరాలున్నాయి. కన్నీటి పొర ఆవిరవుతూ అక్కడ కొద్దిగా చల్లబడితే అవి గుర్తించి కన్నీరు ఊరించమంటాయి. ఈ కాలువనే తెరిచే, మెంథాల్‌ను పోలిన ఒక పదార్థాన్ని అతి పలచగా కలిపిన చుక్కల మందును కళ్లు పొడిబారే జబ్బుకు 2025లో అమెరికాలో అనుమతించారు. బామ్ రాసిన వేలు కంటికి తగిలితే వచ్చే కన్నీటికీ దీనికీ పోలిక లేదు. అది కేవలం మంట.