నలభై వేల ఉద్యోగం, బ్యాంకులో 33,400

ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 4,80,000 అని ఉంటుంది. పన్నెండుతో భాగిస్తే నెలకు 40,000. హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఇంట్లో చెప్పేది ఆ అంకెనే. పూర్తి నెల పనిచేశాక బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది: 33,400 జమ. ఫోన్‌లో తండ్రి మొదటి ప్రశ్న, "నలభై అన్నావు కదరా, మిగతాది ఏమైంది?"

ఆ 6,600 ఎటు పోయిందో తెలియాలంటే పే స్లిప్ దగ్గర పెట్టుకోవాలి. అయితే స్లిప్ మొత్తం తిరగేసినా 40,000 అనే అంకె ఎక్కడా కనిపించదు. ఇలాంటి స్లిప్‌లో ఎడమవైపు సంపాదన కింద మొత్తం 36,000, కుడివైపు కోతల కింద 2,600 ఉంటాయి. అంటే మిగిలిన 4,000 స్లిప్ దాకా రాకముందే పక్కకు వెళ్లింది. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

ఆఫర్ లెటర్‌లోని 4,80,000 జీతం కాదు. అది సీటీసీ, అంటే ఆ ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అందులో ఉద్యోగి పీఎఫ్ ఖాతాకు కంపెనీ కట్టే వాటా ఉంటుంది, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది ఉంటుంది, గ్రూపు ఆరోగ్య బీమా ప్రీమియం ఉంటుంది. మన ఉదాహరణలో కంపెనీ పీఎఫ్ వాటా 2,400, గ్రాట్యుటీ 962, బీమా 638. మూడూ కలిపితే సరిగ్గా 4,000. కొన్ని కంపెనీలు ఏడాది చివర పనితీరు చూసి ఇచ్చే వేరియబుల్ పేను కూడా సీటీసీలోనే కలుపుతాయి. అప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే ఆఫర్ చేతికొచ్చిన రోజే హెచ్‌ఆర్‌ను "నెలకు గ్రాస్ ఎంత, చేతికొచ్చేది ఎంత?" అని విడివిడిగా అడగడం మంచిది. అడగడానికి మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు ఇది.

ఆ మూడింటిలో గ్రాట్యుటీది ప్రత్యేకమైన సంగతి. నెలనెలా సీటీసీలో లెక్క కట్టినా అది ఉద్యోగి ఖాతాలో ఎక్కడా జమ కాదు. శాశ్వత ఉద్యోగికి మామూలుగా ఐదేళ్ల సర్వీసు పూర్తయితేనే హక్కు వస్తుంది. రెండో ఏడాదిలోనే ఉద్యోగం మారే శాశ్వత ఉద్యోగికి ఆ 962 సీటీసీ కాగితం మీదే ఉండిపోతుంది.

ఇక స్లిప్ ఎడమవైపు చూద్దాం. బేసిక్ 20,000, హెచ్‌ఆర్‌ఏ 8,000, కన్వేయన్స్ 1,600, స్పెషల్ అలవెన్స్ 6,400. తండ్రి ప్రభుత్వ టీచరైతే "డీఏ ఏదిరా?" అని తప్పకుండా అడుగుతారు. ప్రభుత్వ ఉద్యోగులకు ధరల సూచీని బట్టి కరవు భత్యం పెరుగుతూ ఉంటుంది. ప్రైవేటు ఐటీ, సర్వీసు కంపెనీల స్లిప్‌లలో సాధారణంగా ఆ వరుసే ఉండదు. స్పెషల్ అలవెన్స్ దానికి ప్రత్యామ్నాయం అనుకోకూడదు. ముందుగా ఒప్పుకున్న గ్రాస్‌లో మిగతా వరుసలకు సర్దగా ఎంత మిగిలితే అంత ఆ వరుసలో వేస్తారు, అంతే. ధరలు పెరిగినంత మాత్రాన అది పెరగదు.

హెచ్‌ఆర్‌ఏ ఇంటి అద్దె కోసం ఇచ్చేది. అమీర్‌పేట హాస్టల్లో ఉన్నా, సొంతింట్లో ఉన్నా స్లిప్‌లో అంతే వస్తుంది. అద్దె రసీదుల అవసరం పన్ను మినహాయింపు దగ్గరే పడుతుంది, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. కొత్త విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేదు. కాబట్టి కొత్త విధానంలో ఉన్నవారు రసీదుల కోసం ఇంటి యజమాని చుట్టూ తిరగనక్కర్లేదు.

ఈ నాలుగు వరుసల్లో నిజంగా బరువున్నది బేసిక్. పీఎఫ్ దాని మీద, గ్రాట్యుటీ దాని మీద, చాలా కంపెనీల్లో సెలవులను డబ్బుగా మార్చుకునే లెక్కా దాని మీదే. ఒకప్పుడు కొన్ని సంస్థలు బేసిక్‌ను కావాలనే తక్కువ చూపి, మిగతాదంతా అలవెన్సులుగా రాసేవి. అలా చేస్తే పీఎఫ్‌కు తక్కువ కడితే సరిపోయేది. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులను పీఎఫ్ లెక్క నుంచి తప్పించడం కుదరదని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఇదే దారిలో నడిచింది. హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్ వంటి మినహాయింపులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలిపి లెక్కించాలి. స్లిప్‌లో బేసిక్ గ్రాస్‌లో మూడో వంతు కూడా లేకపోతే కారణం అడగాల్సిందే.

కుడివైపు కోతలు రెండే: పీఎఫ్ 2,400, వృత్తి పన్ను 200. వృత్తి పన్ను రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెల జీతం 15,000 వరకు అది లేదు. 20,000 వరకు 150, ఆపైన 200. కోట్ల జీతమున్నా ఇంతకు మించదు, ఎందుకంటే ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగంలోనే పరిమితి ఉంది.

ఆదాయపు పన్ను వరుసలో సున్నా ఉంటుంది. ఏడాది గ్రాస్ 4,32,000. కొత్త విధానంలో జీతగాళ్లకిచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే మిగిలేది 3,57,000. అది పన్ను మొదలయ్యే 4,00,000 కంటే తక్కువే. ఈఎస్‌ఐ వరుస కూడా ఖాళీగా ఉంటుంది, నెల వేతనం 21,000 దాటినవారికి అది వర్తించదు. అదే ఆఫీసులో 18,000 జీతానికి పనిచేసే సహాయకుడి స్లిప్‌లో మాత్రం ఈఎస్‌ఐ కింద 0.75 శాతం, అంటే 135 రూపాయలు పోతాయి. కంపెనీ తన వైపు నుంచి 3.25 శాతం, 585 కడుతుంది. అతనికీ కుటుంబానికీ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో వైద్యం దొరికేది ఆ కోతతోనే. అతని జీతం మధ్యలో 21,000 దాటినా ఆ ఆరు నెలల కాలం, అంటే సెప్టెంబరు లేదా మార్చి ముగిసేదాకా కోతా వైద్యమూ రెండూ కొనసాగుతాయి.

పెద్ద కోత పీఎఫ్. బేసిక్‌లో 12 శాతం ఉద్యోగి నుంచి 2,400, అంతే మొత్తం కంపెనీ నుంచి. కాబట్టి తండ్రి అడిగిన 6,600లో 4,800 ఎవరికో పోలేదు, కొడుకు పేరిటే జమవుతోంది. 2024-25కు దానిపై వడ్డీ 8.25 శాతం ఇచ్చారు.

కొన్ని కంపెనీలు బేసిక్ ఎంతున్నా పీఎఫ్‌ను చట్టపరమైన వేతన పరిమితి 15,000 మీదే, అంటే 1,800 చొప్పున లెక్కిస్తాయి. మన ఉదాహరణలో అలా చేస్తే కంపెనీ వాటాలో మిగిలిన 600 స్పెషల్ అలవెన్స్‌లో చేరి గ్రాస్ 36,600 అవుతుంది. అందులో పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి 34,600 వస్తుంది. నెలకు 1,200 ఎక్కువ అందుతుంది, పీఎఫ్‌లో అంతే తగ్గుతుంది. ఇంటికి డబ్బు పంపాల్సినవారికి రెండోది మేలనిపించవచ్చు. ఆ ఇబ్బంది లేనివారు చేరేటప్పుడే పూర్తి బేసిక్ మీద పీఎఫ్ అడగడం మంచిది. చేతికొచ్చిన 1,200 నెలాఖరుకు మిగలడం అరుదు.

కోత స్లిప్‌లో కనిపించినంత మాత్రాన డబ్బు చేరినట్టు కాదు. స్లిప్ రాసేది కంపెనీ, జమను చూపించేది పీఎఫ్ పాస్‌బుక్. ప్రతి నెల కోతనూ మరుసటి నెల 15వ తేదీలోగా కంపెనీ జమ చేయాలి. స్లిప్ పైభాగంలో పన్నెండు అంకెల యూఏఎన్ ఉంటుంది. దాన్ని యాక్టివేట్ చేసుకుని, లింకైన మొబైల్ నుంచి EPFOHO UAN TEL అని 7738299899కు ఎస్ఎంఎస్ పంపితే చివరి జమ, నిల్వ వివరాలు తెలుగులో వస్తాయి. రెండు నెలలుగా కోత పడుతున్నా పాస్‌బుక్‌లో వరుస లేకపోతే ముందు పేరోల్ విభాగానికి మెయిల్ రాయాలి. జవాబు లేకపోతే పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల పోర్టల్ EPFiGMSలో నమోదు చేయాలి. అప్పుడు చేతిలో ఉండే ఆధారం ఆ స్లిప్‌లే. కాబట్టి వాటిని కంపెనీ మెయిల్లోనే వదిలేయకుండా ప్రతి నెలా సొంత మెయిల్‌కు దించుకోవాలి. రాజీనామా చేసిన మర్నాడు ఆ మెయిల్ తెరుచుకోదు.

పాస్‌బుక్‌లో మరో తప్పు దొర్లుతుంటుంది, పాత ఉద్యోగులకు కూడా ఇది తెలియదు. కంపెనీ వాటాలో ఒక భాగం పెన్షన్ పథకానికి వెళ్తుందని అందరూ చెబుతారు. కానీ 2014 సెప్టెంబరు 1 తర్వాత తొలిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే పీఎఫ్ వేతనం 15,000 దాటినవారు ఆ పెన్షన్ పథకంలోకి రారు. మన కుర్రాడి బేసిక్ 20,000. కాబట్టి కంపెనీ కట్టే 2,400 మొత్తం పీఎఫ్‌లోనే చేరాలి, పెన్షన్ గడిలో సున్నా ఉండాలి. అక్కడ 1,250 కనిపిస్తే పేరోల్‌లో ఎవరో అలవాటుకొద్దీ పాత లెక్క వేసినట్టే. మొదటి నెలల్లో పట్టుకుంటే ఒక మెయిల్‌తో సరిచేయిస్తారు. ఐదేళ్ల తర్వాత డబ్బు తీసుకోబోతే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

మొదటి నెల స్లిప్ మాత్రం వీటన్నిటికీ భిన్నంగా ఉంటుంది. జూన్ 11న చేరితే పనిచేసిన రోజులు ఇరవై, గ్రాస్ 24,000. బేసిక్ 13,333 కాబట్టి పీఎఫ్ 1,600. గ్రాస్ 20,000 దాటింది కనుక వృత్తి పన్ను 200 పూర్తిగా పడుతుంది. చేతికి 22,200. నెలాఖరులో చేరినవారికి పేరోల్ గడువు దాటిపోయి ఆ కొద్ది రోజుల జీతం వచ్చే నెల ఎరియర్స్ వరుసలో వస్తుంది. సెలవులు మిగలకుండా సెలవు పెడితే ఎల్‌ఓపీ గడిలో రోజుల సంఖ్య పడుతుంది. ముప్పై రోజుల నెలలో ఒక్కో రోజుకు ఈ జీతంలో తగ్గేది 1,200 గ్రాస్. ఆమోదం పొందిన సెలవు ఎల్‌ఓపీగా పడటం కొత్తవారి స్లిప్‌లలో తరచూ జరిగేదే. హాజరు యాప్‌లో మేనేజర్ నొక్కాల్సిన బటన్ నొక్కకపోవడమే చాలాసార్లు కారణం. నెల 20, 25 తేదీల మధ్య, పేరోల్ మూసేముందు ఆ యాప్‌లో సెలవుల ఆమోదం చూసుకుంటే అదే నెలలో సరిపోతుంది, లేకపోతే తగ్గిన డబ్బు మరో నెల ఆగి ఎరియర్స్‌గా వస్తుంది.