లారీలో మీటరు నేల

"సార్, ఒకే బండి, ఒకే ఊరు. మూడు టన్నుల చింతపండుకు పడిన బాడుగ కంటే టన్నున్నర బంపర్లకు ఎక్కువ పడింది. ఎట్ల సార్?"

హిందూపురం నుంచి వచ్చే ఒక డిప్లొమా కుర్రాడు క్లాసులో అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నకు చింతపండు మండీతో పని. కాటా ఎంత చూపిస్తే అంత బాడుగ అనే లెక్క వాళ్లింట్లో అందరికీ తెలుసు. ఆ లెక్కకు లొంగని సరుకు పెనుకొండ వైపు నుంచి వస్తోంది. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో 2019లో ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి ఆ రోడ్డు మీద బంపర్లు, సీట్లు, డ్యాష్‌బోర్డుల వంటి తేలికైన, పెద్ద ఆకారపు సరుకు ఎక్కువైంది. వీటికి కాటా కంటే టేపు ముఖ్యం.

లారీకి రెండు హద్దులుంటాయి: ఎంత బరువు మోయగలదు, ఎంత నేల ఉంది. ఈ రెండింటిలో ఏది ముందు అయిపోతే అక్కడితో లారీ నిండినట్టే. చింతపండు బస్తాలకు బరువు ముందు అయిపోతుంది, బంపర్లకు నేల ముందు అయిపోతుంది. బస్సులో సీటు కొన్నవాడి బరువు కండక్టర్ అడగడు. ఆ సీటు ఇంకొకరికి అమ్మడానికి మిగల్లేదన్నదే అతని లెక్క. లారీ నేల సంగతీ అంతే.

ఘనపరిమాణం కాకుండా నేలనే ఎందుకు కొలుస్తారు? చిన్న పెట్టెలు మోసే పార్శిల్ కంపెనీలు ఘనపుటడుగులే లెక్కగడతాయి, ఎందుకంటే వాళ్లు పెట్టెలను నేల నుంచి కప్పు దాకా పేర్చగలరు. ఇనుప ర్యాకులో నిలబెట్టిన బంపర్ల మీద ఇంకో ర్యాకు ఎక్కించలేం. పైన మూడడుగుల ఖాళీ ఉన్నా దాన్ని ఎవరికీ అమ్మలేం. అందుకే యూరప్ రవాణాదారులు ఎత్తును పక్కనపెట్టి లోడింగ్ మీటరు అనే కొలతను పట్టుకున్నారు. ట్రైలర్ నేలను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, పొడవులో ఒక మీటరు మేర కోస్తే వచ్చే పట్టీ ఒక లోడింగ్ మీటరు. మన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో "పదడుగుల జాగా కావాల" అన్నప్పుడు చేసేదీ ఇదే లెక్క, కాకపోతే అడుగుల్లో.

సూత్రం చిన్నది. సరుకు పొడవు × వెడల్పు ÷ 2.4, అన్నీ మీటర్లలోనే. ఈ 2.4 ట్రైలర్ లోపల వాడుకోదగ్గ వెడల్పు. యూరప్‌లో అందరూ వాడే చెక్క ప్యాలెట్ 1.2 మీటర్ల పొడవు, 0.8 మీటర్ల వెడల్పు ఉంటుంది. నిలువుగా మూడు పెట్టినా (0.8 × 3), అడ్డంగా రెండు పెట్టినా (1.2 × 2) సరిగ్గా 2.4 నిండుతుంది. ఒక్కో ప్యాలెట్ 0.4 లోడింగ్ మీటర్లు తింటుంది.

వెడల్పు తెలిసింది. మరి పొడవు? యూరప్ ట్రైలర్ నేల పొడవు 13.6 మీటర్లు. ఎవరో గుండ్రంగా రాసిన అంకె కాదని చూస్తేనే తెలుస్తుంది. అది ఎక్కడ పుట్టిందో చూడటం నాకు ఎంతో ఇష్టమైన లెక్క.

1914లో డెట్రాయిట్‌లో ఒక కలప వ్యాపారి తన పడవను ఊరి బయటి సరస్సుకు చేర్చాలనుకున్నాడు. అగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి దానికోసం రెండు చక్రాల బండి చేసి, ముందు కొసను ఫోర్డ్ కారు వెనక ఒక కీలుకు తగిలించాడు. సెమీ ట్రైలర్ కథలో అదొక పెద్ద మలుపు. ఈనాటి ట్రైలర్‌లో ఆ కీలు రూపం వేరు. ట్రైలర్ అడుగున ముందు భాగంలో కిందికి దిగిన లావుపాటి ఉక్కు మేకును కింగ్‌పిన్ అంటారు. లాగే బండి మీద గ్రీజు పూసిన ఇనుప పళ్లెం ఉంటుంది, పేరు ఫిఫ్త్ వీల్. పళ్లెం వెనక ఉన్న చీలికలోకి కింగ్‌పిన్ దూరగానే లోపలి దవడలు దాన్ని కరుచుకుంటాయి. ట్రైలర్ ముందు భాగం బరువంతా ఆ పళ్లెం మీద కూర్చుంటుంది. ఇక బండి మలుపు తిరిగితే, ట్రైలర్ ఆ ఒక్క మేకు చుట్టూ తిరుగుతుంది.

తిరిగేటప్పుడు ట్రైలర్ ముందు మూలలు ఒక వృత్తం గీస్తాయి. ఆ వృత్తం పెద్దదైతే మూల వెళ్లి డ్రైవర్ క్యాబిన్ వెనక గోడకు తగులుతుంది. అందుకే 1996 నాటి యూరప్ నిబంధన రెండు దూరాలు బిగించింది. కింగ్‌పిన్ నుంచి ట్రైలర్ వెనక అంచుకు 12 మీటర్లు మించకూడదు. కింగ్‌పిన్ నుంచి ముందు మూలకు 2.04 మీటర్లు మించకూడదు. ట్రైలర్ బయటి వెడల్పు 2.55 మీటర్లు, అందులో సగం 1.275. ఇక మిగిలింది పదో తరగతి పైథాగరస్. కర్ణం 2.04, ఒక భుజం 1.275, రెండో భుజం సుమారు 1.59. దానికి 12 కలిపితే 13.59. బాడుగ బిల్లు మీద కనిపించే 13.6 మీటర్ల నేల, మలుపులో మూల క్యాబిన్‌కు తగలకుండా ఉండాలన్న షరతు నుంచి వచ్చింది.

అక్కడ అలాంటి ట్రైలర్ సుమారు 24 టన్నులు మోస్తుంది. 24,000 కిలోలను 13.6తో భాగిస్తే మీటరుకు 1,765. యూరప్‌లో చాలామంది రవాణాదారులు ఒక లోడింగ్ మీటరును 1,750 కిలోలుగా లెక్కగట్టడం వెనక ఉన్నది ఈ భాగహారమే. మీటరు నేల మీద అంతకంటే ఎక్కువ బరువు పెడితే బరువుకు బాడుగ, తక్కువ పెడితే నేలకు బాడుగ.

ఈ అంకెను తెచ్చి హిందూపురంలో వాడితే తప్పు లెక్క వస్తుంది. ఇక్కడ పార్ట్‌లోడుకు ఎక్కువగా తిరిగేది 32 అడుగుల కంటైనర్ లారీ. నేల సుమారు 9.75 మీటర్లు, వెడల్పు 8 అడుగులు, అంటే 2.44 మీటర్లు. వెనక ఒకే ఇరుసు ఉన్న బండి సుమారు 7 టన్నులు మోస్తుంది, కాబట్టి మీటరుకు 718 కిలోలు. రెండు ఇరుసులుంటే 15 టన్నుల దాకా మోస్తుంది, మీటరుకు దాదాపు 1,540. నేల అంతే ఉన్నా హద్దు రెట్టింపు దాటింది. ఒక బండిలో బరువైన సరుకు అనిపించుకున్నది ఇంకో బండిలో తేలిక సరుకు కావచ్చు.

ఇప్పుడు కుర్రాడి ప్రశ్నను ఒకే ఇరుసు బండి మీద వేసి చూద్దాం. హిందూపురంలో మూడు టన్నుల చింతపండు ఎక్కింది. బస్తాలు బాగా పేర్చితే మీటరున్నర నేల పట్టిందనుకుందాం. బరువు లెక్కన 3,000 ÷ 718, అంటే 4.2 మీటర్లు. రెండింటిలో పెద్దదానికే బాడుగ, కాబట్టి 4.2. పెనుకొండలో ఆరు బంపర్ల ర్యాకులు ఎక్కాయి. ఒక్కోటి 2 మీటర్ల పొడవు, 1.2 వెడల్పు, 250 కిలోలు. పక్కపక్కన రెండేసి చొప్పున ఆరు మీటర్ల నేల. బరువు లెక్కన రెండు మీటర్లు కాస్త దాటుతుంది, అంతే. బాడుగ ఆరు మీటర్లకు. చింతపండు కంటే బంపర్లకు ఎక్కువ పడింది అందుకే.

ఇంకో సరుకు కలుపుదాం. ధర్మవరం నుంచి పట్టు చీరల అట్టపెట్టెలు పదహారు, ఒక్కోటి 60 × 40 సెంటీమీటర్లు, 25 కిలోలు. నాలుగు వరసగా, ఒక్కో వరసలో నాలుగు ఎత్తుగా పేర్చితే గోడ నుంచి గోడకు సరిగ్గా 2.4 మీటర్లు నిండి, పొడవులో 0.4 మీటరు మాత్రమే పోతుంది. బరువు లెక్కన 0.56, బాడుగ దానికే. అదే పెట్టెల మీద "దీనిపై ఏమీ పెట్టరాదు" అని చీటీ అంటిస్తే పేర్చే వీలు పోతుంది. పదహారు పెట్టెలూ నేల మీద పరవాలి. నేల 1.6 మీటర్లు. చీటీ అంటించే ముందు పెట్టె గట్టిదనాన్ని ఒకసారి పరీక్షించడం మేలు.

ఈ బండిలో నిజంగా నిండిన నేల 1.5 + 6 + 0.4, అంటే 7.9 మీటర్లు. బరువు 4.9 టన్నులు. బాడుగ వసూలైన మీటర్లు మాత్రం 4.2 + 6 + 0.56, అంటే దాదాపు 10.8. నేల 9.75 అయితే 10.8 మీటర్లు అమ్ముడయ్యాయి, పైగా ఇంకా 1.85 మీటర్ల చోటు, రెండు టన్నుల బరువు మిగిలే ఉన్నాయి. ఇందులో మోసం ఏమీ లేదు. బరువు సరుకు నేలను మిగిల్చింది, తేలిక సరుకు బరువును మిగిల్చింది. ఈ రెండింటినీ జత కలపగలిగిన బుకింగ్ గుమాస్తా చేతిలోనే లారీ యజమాని లాభం ఉంటుంది. ఒట్టి బంపర్ల బండి గానీ, ఒట్టి చింతపండు బండి గానీ ఇంత మిగల్చలేవు.

సూత్రం ఎక్కడ దారి తప్పుతుందో కూడా ర్యాకే చూపిస్తుంది. దాని వెడల్పు 1.2 కాక 1.25 అనుకుందాం. సూత్రం ఆరింటికీ కలిపి 6.25 మీటర్లు అంటుంది. కానీ రెండు పక్కపక్కన పెడితే 2.5 మీటర్లు కావాలి, లారీ లోపల 2.44 మాత్రమే ఉంది. పట్టవు. ర్యాకును అడ్డం తిప్పి ఒక్కోటే పెట్టాలి, ఒక్కోటి 1.25 మీటర్లు తింటుంది. మొత్తం ఏడున్నర మీటర్లు. ర్యాకు గీసిన డ్రాయింగులో అయిదు సెంటీమీటర్లు పెరిగితే, వెళ్లిన ప్రతిసారీ లారీలో అయిదడుగుల బాడుగ పెరుగుతుంది. పక్కన మిగిలిన ఖాళీని ఎవరో వాడుకుంటారని సూత్రం అనుకుంటుంది. ఆ ఖాళీలో పట్టే సరుకు ఉందా లేదా అన్నది హమాలీ చూసి చెప్పాలి.

కారే దీనికి పెద్ద ఉదాహరణ. 2019లో వచ్చిన సెల్టోస్ పొడవు 4.315 మీటర్లు, వెడల్పు 1.8. సూత్రం ప్రకారం 3.24 లోడింగ్ మీటర్లు. నిజానికి రెండో కారు పక్కన పట్టదు, మిగిలిన 60 సెంటీమీటర్లు ఎందుకూ పనికిరావు, కాబట్టి కారు పొడవు మొత్తానికీ నేల పోయినట్టే. కార్లు మోసే ట్రైలర్‌కు రెండంతస్తులు పెట్టడం, కొన్ని కార్లను ఏటవాలుగా నిలిపి ఒకదాని మూతి కిందికి ఇంకోదాన్ని జరపడం, పోయిన ఆ నేలను పొడవులో రాబట్టుకునే ఉపాయాలు. పన్ను తగ్గడానికి నాలుగు మీటర్ల లోపు చేసిన సోనెట్ పొడవు 3.995. వరసలో నాలుగు నిలబెడితే సెల్టోస్‌ల కంటే 1.28 మీటర్లు కలిసొస్తుంది.

2018లో కేంద్రం లారీల అనుమతి బరువు పెంచింది. మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5కి వెళ్లింది. నేల ఒక్క అంగుళమూ పెరగలేదు. అంటే మీటరు నేల మోయగల కిలోలు పెరిగాయి, బరువుకు కాక నేలకు బాడుగ కట్టాల్సిన సరుకుల జాబితా పొడవైంది.

ఇక ఖాళీ ర్యాకుల సంగతి. బంపర్లు దించేసిన ర్యాకులు మళ్లీ నింపడానికి వెనక్కి రావాలి. లోపల ఏమీ లేకపోయినా అవే ఆరు మీటర్లు, అదే బాడుగ. అందుకే కాళ్లు మడిచి పడుకోబెట్టే ర్యాకులు చేస్తున్నారు. మడిచినవి నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆరు ర్యాకులు రెండు దొంతులవుతాయి, రెండు దొంతులూ పక్కపక్కన కూర్చుంటాయి. ఆరు మీటర్ల తిరుగు బాడుగ రెండు మీటర్లకు దిగుతుంది. ఎనిమిది ర్యాకులు పంపినా అంతే పడుతుంది. మడత ర్యాకు ధర ఎక్కువే. ఎన్ని ట్రిప్పుల్లో ఆ తేడా వసూలవుతుందో మిగిలిన నాలుగు మీటర్ల బాడుగతో భాగిస్తే తెలిసిపోతుంది. ఆ కుర్రాడికి ఇంటి దగ్గర చేసి తెమ్మని ఇచ్చిన లెక్క అదే.