ఎక్సెల్‌లో చార్ట్ అడ్డం తిరిగితే

ఒక టిఫిన్ సెంటర్ లెక్క అనుకుందాం. ఎక్సెల్ షీట్‌లో ఎడమ పక్కన ఇడ్లీ, దోస, పూరీ, వడ అని నాలుగు పేర్లు కిందికి ఉన్నాయి. పైన ఏప్రిల్, మే, జూన్ అని మూడు నెలలు పక్కపక్కన ఉన్నాయి. గళ్లలో ఉన్నవి ఆ నెలలో అమ్మిన ప్లేట్లు.

| | ఏప్రిల్ | మే | జూన్ |
|---|---|---|---|
| ఇడ్లీ | 900 | 880 | 910 |
| దోస | 600 | 700 | 800 |
| పూరీ | 300 | 280 | 310 |
| వడ | 450 | 430 | 400 |

పట్టిక మొత్తం ఎంచుకుని, Insert ట్యాబ్‌లోంచి నిలువు కడ్డీల చార్ట్ పెడితే అడుగున ఇడ్లీ, దోస, పూరీ, వడ వరసగా వస్తాయి. ఒక్కో టిఫిన్ మీద మూడు రంగుల్లో మూడు నెలల కడ్డీలు నిలబడతాయి. ఇదే పట్టికకు సెప్టెంబరు దాకా మరో మూడు నెలలు చేర్చి కొత్తగా చార్ట్ పెట్టి చూడండి. ఈసారి అడుగున నెలలు వస్తాయి, రంగులు టిఫిన్లకు వెళ్లిపోతాయి. పట్టిక అమరికలో ఏ మార్పూ లేదు, చార్ట్ మాత్రం అడ్డం తిరిగింది.

దీని వెనక ఉన్న నియమం చాలా చిన్నది. ఎక్సెల్‌కు దోస అంటే ఏమిటో, మే నెల అంటే ఏమిటో తెలియదు. అది అడ్డు వరుసలు ఎన్ని, నిలువు వరుసలు ఎన్ని అని మాత్రమే లెక్కపెడుతుంది. ఏవి ఎక్కువ ఉంటే వాటిని చార్ట్ అడుగున పరుస్తుంది, తక్కువ ఉన్నవాటికి రంగులు ఇస్తుంది. రెండూ సమానమైతే నిలువు వరుసలకే రంగులు. మొదటి పట్టికలో టిఫిన్లు నాలుగు, నెలలు మూడు కాబట్టి టిఫిన్లు అడుగుకు వెళ్లాయి. రెండోదాంట్లో నెలలు ఆరు కాగానే తక్కెడ అటు మొగ్గింది.

ఎక్సెల్ భాషలో అడుగున వరసగా వచ్చేవి కేటగిరీలు. ఒక్కో రంగుకు చెందిన అంకెల వరస ఒక సిరీస్. ఆ రంగుల పేర్లు చూపే చిన్న పెట్టె లెజెండ్. సిరీస్‌గా రావలసినవి కేటగిరీలుగా, కేటగిరీలుగా రావలసినవి సిరీస్‌గా వచ్చినప్పుడు పట్టికను మళ్లీ టైపు చేయనక్కర్లేదు. చార్ట్ మీద ఒకసారి క్లిక్ చేస్తే పైన Chart Design అనే ట్యాబ్ కనిపిస్తుంది. అందులో Switch Row/Column నొక్కితే రెండూ స్థానాలు మార్చుకుంటాయి. మళ్లీ నొక్కితే మొదటికి వస్తాయి. చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి Select Data తెరిచినా అదే బటన్ ఉంటుంది. అక్కడ ఎడమ వైపు సిరీస్‌ల జాబితా, కుడి వైపు కేటగిరీల జాబితా పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ఏది ఎటు వెళ్లిందో పోల్చుకోవడం తేలిక.

ఈ మార్పుతో షీట్‌లోని గళ్లు కదలవు. చార్ట్ వాటిని చదివే దిక్కు మాత్రమే మారుతుంది. నమ్మకం కుదరకపోతే ఏదైనా ఒక కడ్డీ మీద క్లిక్ చేసి, పైన ఫార్ములా బార్ చూడండి. మన మూడు నెలల పట్టిక A1 నుంచి D5 దాకా ఉంటే, ఏప్రిల్ రంగు కడ్డీకి ఇలా ఉంటుంది:

```
=SERIES(Sheet1!$B$1,Sheet1!$A$2:$A$5,Sheet1!$B$2:$B$5,1)
```

మొదటిది సిరీస్ పేరున్న గడి, రెండోది కేటగిరీలు, మూడోది అంకెలు, చివరిది సిరీస్ వరస సంఖ్య. బటన్ నొక్కాక మొదటి సిరీస్ ఇడ్లీ అవుతుంది:

```
=SERIES(Sheet1!$A$2,Sheet1!$B$1:$D$1,Sheet1!$B$2:$D$2,1)
```

B నిలువు వరుస వెంట కిందికి చదివినది ఇప్పుడు రెండో అడ్డు వరుస వెంట పక్కకు చదువుతోంది. జరిగింది అంతే.

అసలు ఏది సరైన దిక్కు? అది మీరు అడిగే ప్రశ్నను బట్టి, చార్ట్ రకాన్ని బట్టి ఉంటుంది. కడ్డీల చార్ట్‌లో కన్ను పక్కపక్కన ఉన్న కడ్డీలనే ముందు పోలుస్తుంది. దోస అమ్మకం పెరుగుతోందా అన్నది ప్రశ్న అయితే అడుగున టిఫిన్లు ఉన్న చార్టే మేలు. దోస దగ్గర 600, 700, 800 మూడు మెట్లలా పక్కపక్కన కనిపిస్తాయి. ఏ నెలలో ఏ టిఫిన్ ఎక్కువ పోయింది అన్నది ప్రశ్న అయితే అడుగున నెలలు ఉండాలి, అప్పుడు ఒక్కో నెల దగ్గర నాలుగు టిఫిన్లూ ఒకచోట చేరతాయి.

గీతల చార్ట్‌కు వచ్చేసరికి ఈ వెసులుబాటు లేదు. అక్కడ కాలం అడుగునే ఉండాలి. అడుగున టిఫిన్లు ఉంటే గీత ఇడ్లీ నుంచి దోసకు, దోస నుంచి పూరీకి దిగుతుంది, ఎక్కుతుంది. ఆ ఏటవాలుకు అర్థమే లేదు, ఎందుకంటే ఇడ్లీ దోసగా మారదు. గీతల చార్ట్‌లో అడుగున వస్తువుల పేర్లు, లెజెండ్‌లో నెలలు కనిపిస్తే అది తప్పకుండా తిప్పవలసిన చార్ట్. పై చార్ట్ మరో రకంగా బోల్తా కొట్టిస్తుంది. అది ఒక్క సిరీస్‌నే చూపగలదు. మన పట్టికతో పెడితే ఏప్రిల్ నెల టిఫిన్లే వస్తాయి, మే, జూన్ ఊసే ఉండదు. తిప్పితే ఇడ్లీ ఒక్కటే మూడు నెలల ముక్కలుగా వస్తుంది.

బటన్ ఎన్నిసార్లు నొక్కినా కుదరని చిక్కు ఒకటుంది. ఎడమ వరుసలో పేర్లకు బదులు 2021, 2022, 2023, 2024 అని సంవత్సరాలు, పక్క వరుసలో లక్షల్లో అమ్మకాలు ఉన్నాయనుకోండి. సంవత్సరాలు కూడా అంకెలే కాబట్టి ఎక్సెల్ వాటినీ సరుకు లెక్కలాగే తీసుకుంటుంది. రెండు వేల ఎత్తున సంవత్సరాల కడ్డీలు లేస్తాయి, పన్నెండో పదిహేనో ఉన్న అమ్మకాలు నేలకు అతుక్కుపోతాయి, అడుగున 1, 2, 3, 4 అని వస్తుంది. లెజెండ్‌లో ‘సంవత్సరం’ అనే పేరు కనిపించిందంటే రోగం ఇదే. ఇక్కడ దిక్కు మార్చి లాభం లేదు. పట్టికలో ఎడమ మూల పైగడిలోని ‘సంవత్సరం’ అన్న శీర్షిక చెరిపేసి చార్ట్ మళ్లీ పెడితే ఎక్సెల్ మొదటి వరుసను పేర్లుగా గుర్తిస్తుంది. చార్ట్ పోగొట్టుకోవడం ఇష్టం లేకపోతే Select Data తెరిచి, ఎడమ జాబితాలో సంవత్సరం సిరీస్‌ను ఎంచుకుని Remove నొక్కాలి. తర్వాత కుడి జాబితా పైనున్న Edit నొక్కి సంవత్సరాల గళ్లను చూపించాలి.

పవర్‌పాయింట్‌లోనో వర్డ్‌లోనో ఉన్న చార్ట్‌కు ఈ బటన్ తరచు మసకబారి, నొక్కినా పలకదు. ముందు Edit Data నొక్కి దాని వెనక ఉన్న చిన్న షీట్‌ను తెరిస్తే బటన్‌కు ప్రాణం వస్తుంది. ఇక మరీ పొడవైన పట్టికల విషయంలో ఒక హద్దు ఉంది: ఒక చార్ట్‌లో 255 సిరీస్‌లకు మించి పట్టవు. ఏడాది పొడవునా రోజువారీ లెక్క రాసిన పట్టికను తిప్పబోతే రోజుకొక సిరీస్ కావాలి, కాబట్టి కుదరదు.

రంగులు, అంకెల లేబుళ్లు దిద్దే పని మాత్రం తిప్పిన తర్వాతే పెట్టుకోండి. అవి సిరీస్‌లకు అంటి ఉంటాయి. జూన్ నెలకని ప్రత్యేకంగా ఎర్ర రంగు వేసి ఆ తర్వాత తిప్పితే, జూన్ అనే సిరీస్ ఇక చార్ట్‌లో ఉండదు, చేసిన ముస్తాబంతా మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాల్సి వస్తుంది.