‘మంచి అనలిస్ట్ కావాలి’ అంటే చాలదు

అనకాపల్లి జిల్లా పరవాడ ఫార్మాసిటీలో ముడి మందులు తయారుచేసే ఒక మధ్యతరహా కంపెనీ ఉందనుకుందాం. అక్కడి క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో సీనియర్ అనలిస్ట్ పోస్టు ఖాళీ అయింది. హెచ్‌ఆర్ అధికారి కన్సల్టెన్సీకి మెయిల్ పెట్టారు: “ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. నాలుగు నుంచి ఆరేళ్ల అనుభవం. హెచ్‌పీఎల్‌సీ తెలిసుండాలి. జీతం అర్హతను బట్టి. అర్జెంటు.” మూడు రోజుల్లో నలభై రెజ్యూమెలు వచ్చిపడ్డాయి. ల్యాబ్ మేనేజర్ అన్నీ తిరగేసి ఒక్కరూ పనికిరారని తేల్చేశారు. ఇలాంటప్పుడు అందరూ కన్సల్టెన్సీనే తప్పుపడతారు. నన్నడిగితే తప్పులో పెద్ద వాటా ఆ మెయిల్‌దే.

ఎందుకంటే హెచ్‌పీఎల్‌సీ అనేది మందులో అసలు పదార్థం ఎంతుందో, మలినాలు ఎంతున్నాయో కొలిచే యంత్రం. ఫార్మా ల్యాబ్‌లో ఏడాది పనిచేసిన ఎవరి రెజ్యూమెలోనైనా ఆ పేరుంటుంది. కాబట్టి ఆ షరతు ఎవరినీ వడపోయదు. పైగా కన్సల్టెన్సీలో రెజ్యూమెలు వెతికే రిక్రూటర్ సాధారణంగా కెమిస్ట్రీ చదివినవారు కారు. వారి చేతిలో ఇదే కాకుండా వేరే కంపెనీల ఖాళీలూ ఉంటాయి. మన దగ్గర ఎక్కువగా నడిచే పద్ధతిలో, అభ్యర్థి ఉద్యోగంలో చేరితేనే కన్సల్టెన్సీకి ఫీజు. ఎంతమందిని వెతికి పంపినా, ఎవరూ చేరకపోతే రూపాయి రాదు. అందుకే ఏ ఖాళీ త్వరగా నిండేలా కనిపిస్తే దానిమీదే వారు సమయం పెడతారు. అస్పష్టంగా ఉన్నదాన్ని పక్కన పెడతారు, లేదా చేతికందిన రెజ్యూమెలన్నీ పంపి ఊరుకుంటారు.

అందుకని కన్సల్టెన్సీకి రాసిచ్చే వివరాలకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. కెమిస్ట్రీ తెలియని మనిషి దాన్ని చేతిలో పట్టుకుని, పదిహేను నిమిషాల ఫోన్‌కాల్‌లో సరైన అభ్యర్థిని గుర్తుపట్టగలగాలి. దీనికోసం హెచ్‌ఆర్ అధికారి ముందు ల్యాబ్ మేనేజర్‌తో కూర్చోవాలి. “వచ్చిన మనిషి మొదటి నెలలోనే ఒంటరిగా చేయాల్సిన పని ఏమిటి?” అని అడగాలి. మన ఉదాహరణలో జవాబు: కొత్త పరీక్షా పద్ధతుల వాలిడేషన్, ఫలితం తేడా వచ్చినప్పుడు దర్యాప్తు. తప్పనిసరి నైపుణ్యాలు ఈ రెండే. గ్యాస్ క్రొమటోగ్రఫీ, కంపెనీ వాడే రికార్డుల సాఫ్ట్‌వేర్ వంటివి వచ్చాక నేర్పుకోవచ్చు. వాటినీ తప్పనిసరి చేస్తే దొరికే మనుషులు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే మిగులుతారు.

ఇప్పుడు ఆ రెండింటికీ ప్రశ్నలు కావాలి, వాటితోపాటు జవాబులూ కావాలి. మొదటి ప్రశ్న: “మీరు స్వయంగా చేసిన వాలిడేషన్‌లో ఏమేం పరీక్షించారు?” నిజంగా చేసినవారి నోట స్పెసిఫిసిటీ, లీనియారిటీ, ఆక్యురసీ, ప్రెసిషన్ అనే మాటలు తడుముకోకుండా వస్తాయి. “మా టీమ్ చేసింది” దగ్గరే ఆగిపోతే చేసింది వేరేవారని అనుమానించాలి. రెండో ప్రశ్న ఇంకా పదునైనది: “ఫలితం నిర్దేశిత హద్దు దాటితే మీరు మొదట ఏం చేస్తారు?” దీన్నే ల్యాబ్‌లో ఓఓఎస్ అంటారు. పై అధికారికి చెబుతాను, తయారుచేసిన ద్రావణాలను పారబోయకుండా ఉంచుతాను, తూకం, గాజుసామాను, యంత్రం చూసుకుంటాను అనేది సరైన జవాబు. “మళ్లీ ఒకసారి ఇంజెక్ట్ చేసి చూస్తాను” అంటే అక్కడే ఆపేయాలి. కారణం వెతక్కుండా, ఫలితం అనుకూలంగా వచ్చేదాకా పరీక్షించడాన్ని అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీదారులు తీవ్రమైన లోపంగా చూస్తారు. దీనిపై ఆ సంస్థ 2006లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2022లో సవరించింది. ఈ తేడా కాగితం మీద ఉంటే బీకాం చదివిన రిక్రూటర్ కూడా పట్టుకోగలరు.

ఇక బడ్జెట్. బేరానికి వీలుంటుందని చాలామంది అంకె దాచిపెడతారు. ఆఖరి రోజున అభ్యర్థి “ఇంతేనా?” అని వెళ్లిపోవడానికి ముఖ్యకారణం ఇదే. మన కంపెనీ గరిష్ఠంగా ఏడాదికి 6 లక్షల సీటీసీ ఇవ్వగలదనుకుందాం. అభ్యర్థి నెలకు 50 వేలని లెక్కేసుకుంటారు. మూలవేతనం అందులో సగమైతే, పూర్తి మూలవేతనం మీద పీఎఫ్‌లో కంపెనీ వాటా 36 వేలు, గ్రాట్యుటీకి సుమారు 14 వేలు, ఏడాది చివరి ఇన్సెంటివ్ 30 వేలు. ఈ 80 వేలు నెలనెలా కనబడవు. మిగిలిన 5.2 లక్షలను పన్నెండుతో భాగించి, ఉద్యోగి పీఎఫ్ 3 వేలు, వృత్తిపన్ను 200 తీస్తే చేతికొచ్చేది 40 వేలు. కన్సల్టెన్సీకి సీటీసీతోపాటు ఈ 40 వేల అంకె కూడా ఇవ్వాలి. షిఫ్ట్ అలవెన్సు ఉందా, నోటీస్ పీరియడ్‌కి బదులు కట్టాల్సిన డబ్బు కంపెనీ భరిస్తుందా అన్నదీ చెప్పాలి. తొంభై రోజుల నోటీసులో ఉన్నవారి విషయంలో ఆ చివరి మాటే చాలాసార్లు నిర్ణయాన్ని తేలుస్తుంది.

లొకేషన్ దగ్గర “విశాఖపట్నం” అని రాయడం మరో పొరపాటు. మధురవాడలో ఇల్లున్నవారికి పరవాడ అంటే ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి రోజూ రాకపోకలు. కంపెనీ బస్సు ఏయే స్టాపుల నుంచి, ఎన్ని గంటలకు బయల్దేరుతుంది, గాజువాక వైపు ఉందా, అనకాపల్లి వైపు ఉందా, రాత్రి షిఫ్టుకూ ఉంటుందా అన్నది రాయాలి. ఇలా రాస్తే వెతికే తీరే మారుతుంది. హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో పనిచేస్తూ సొంతూరి దగ్గరకు రావాలనుకునే ఉత్తరాంధ్రవాళ్లకు రిక్రూటర్ ముందు ఫోన్ చేయగలరు. రాత్రి షిఫ్టు ఉందని “మగవాళ్లే కావాలి” అని నోటిమాటగా చెప్పే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నియామకాల్లో స్త్రీలపట్ల వివక్షను 1976 నాటి సమాన వేతన చట్టమే నిషేధించింది. షిఫ్టు వేళలు చెప్పి, ఒప్పుకునే నిర్ణయం అభ్యర్థికి వదలాలి.

వడపోతలో ఎవరి పని ఏదో కూడా ముందే రాసుకోవాలి. రిక్రూటర్ ఫోన్‌లో ఆ రెండు ప్రశ్నలు అడిగి, జవాబులు అభ్యర్థి మాటల్లోనే రెజ్యూమెకు జతచేస్తారు. మొదట మూడే ప్రొఫైల్స్ పంపాలి. ల్యాబ్ మేనేజర్ రెండు పనిదినాల్లో వాటిని చూసి, ఎవరు ఎందుకు సరిపోరో రిక్రూటర్‌కు ఫోన్‌లో చెప్పాలి. “నాట్ సూటబుల్” అని తిప్పిపంపితే నాలుగో ప్రొఫైల్ కూడా అలాగే వస్తుంది. “ఈయన చేసింది రొటీన్ పరీక్షలే, వాలిడేషన్ లేదు” అంటే గురి కుదురుతుంది. తర్వాత వీడియోలో ఒక టెక్నికల్ ఇంటర్వ్యూ, ఒకరోజు ప్లాంటుకు పిలిచి ల్యాబ్‌లో పని చేయించి చూడటం, అదేరోజు హెచ్‌ఆర్ మాట. అంతకుమించి రౌండ్లు పెడితే ఈ స్థాయి అభ్యర్థి సెలవులు పెట్టలేక మధ్యలోనే జారిపోతారు.

ఒకే ఖాళీని ఆరు కన్సల్టెన్సీలకు ఇస్తే వేగం పెరుగుతుందనుకుంటారు. నిజానికి ముందు ఎవరు పంపితే వారిదే అభ్యర్థి కాబట్టి, ఫోన్ చేసి ప్రశ్నలడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఒకే మనిషికి మూడు కాల్స్ వెళ్తాయి, తర్వాత ఫీజు ఎవరిదని తగాదా. ఒకరికో ఇద్దరికో ఇచ్చి, అభ్యర్థి అంగీకారంతో ముందు మెయిల్ చేసినవారికే హక్కు అని రాసుకుంటే సరిపోతుంది. ఏడాది సీటీసీలో 8.33 శాతం ఫీజు అనుకుంటే మన ఉదాహరణలో దాదాపు 50 వేలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మూడు నెలల్లోపు మానేస్తే ఉచితంగా మరొకరిని ఇవ్వాలన్న షరతు, అభ్యర్థి దగ్గర ఎలాంటి డబ్బూ వసూలు చేయకూడదన్న షరతు ఒప్పందంలో ఉండాలి.

ఆఫర్ లెటర్ ఇచ్చాక నోటీస్ పీరియడ్ నడిచే రెండు మూడు నెలల్లో ఏం చేయాలో ఈ కాగితంలో సాధారణంగా ఎవరూ రాయరు. పాత కంపెనీ జీతం పెంచి ఆపుకోవడం అప్పుడే జరుగుతుంది. రాజీనామా ఆమోదించిన మెయిల్ వారంలోపు పంపాలనీ, రిక్రూటర్ పదిహేను రోజులకోసారి అభ్యర్థితో మాట్లాడి ఆ విషయం కంపెనీకి తెలపాలనీ ముందే రాయించుకోవాలి. రాజీనామా మెయిల్ గురించి రెండుసార్లు అడిగినా రేపు పంపుతానంటుంటే, రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థికి ఆరోజే ఫోన్ చేయడం మంచిది.