ముందు పన్నెండు మందితో చూద్దాం

మా ఆఫీసులో అందరూ వాడే Z: డ్రైవ్ అంటే మెట్ల కింద గదిలోని సర్వర్. దానికి ఏడేళ్లు నిండాయి. కొత్తది కొనాలా, క్లౌడ్‌కు మారాలా అని మేనేజ్‌మెంట్ అడిగింది. ముందు సేల్స్‌లోని 12 మంది ఫైళ్లను ఆరు వారాలు క్లౌడ్‌లో ఉంచి చూద్దామని, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా లేఖ రాశాను.

మొదటి లెక్క ఇంటర్నెట్‌ది. ఆ ఫైళ్లు 200 జీబీ. మా అప్‌లోడ్ వేగం సెకనుకు 50 మెగాబిట్లు. బైట్‌కు 8 బిట్లు కాబట్టి లైనంతా దీనికే ఇచ్చినా దాదాపు 9 గంటలు పడుతుంది. పగలు పెడితే వీడియో కాల్స్ తెగిపోతాయి. అందుకే శనివారం రాత్రి అన్నాను.

అకౌంట్స్‌ను కావాలనే వదిలేశాను. వాళ్ల ఎక్సెల్ షీట్లు ఒకదాన్నుంచి ఒకటి అంకెలు తీసుకుంటాయి. ఆ లింకుల్లో `Z:\Accounts\Rates.xlsx` లాంటి చిరునామా ఉంటుంది. ఫైలు చోటు మారినా షీట్ మామూలుగానే తెరుచుకోవచ్చు, నిరుటి రేట్లనే చూపిస్తూ. ఎర్రర్ వస్తే ఎవరైనా నాకు ఫోన్ చేస్తారు. పాత అంకె కనిపిస్తే ఎవరూ చేయరు. నన్ను భయపెట్టేది ఇదే.

ఇంకొకటి, సింక్ బ్యాకప్ కాదు. ఒకరు ఫోల్డర్ తుడిచేస్తే అందరి కంప్యూటర్లలోనూ పోతుంది. కాబట్టి రెండో వారంలో నేనే ఒక పరీక్ష ఫోల్డర్ తుడిచి, వెనక్కి తెప్పిస్తాను. గంటలోపు మొత్తం రాకపోతే పైలట్ ఆపి, ఈలోపు మారిన ఫైళ్లను పాత సర్వర్‌కు తెచ్చేస్తామని లేఖ చివర రాసి సంతకం పెట్టాను.