టైమ్‌టేబుల్ ఎన్ని పీరియడ్లలో సర్దుకుంటుంది?

బడిలో టైమ్‌టేబుల్ వేసే పని ఎవరి నెత్తిన పడినా రెండు నియమాలు దాటడానికి వీల్లేదు. ఒక టీచర్ ఒకే పీరియడ్‌లో రెండు తరగతుల్లో ఉండలేరు. ఒక తరగతికి ఒకే పీరియడ్‌లో ఇద్దరు టీచర్లు పాఠం చెప్పలేరు. ఈ రెండూ పాటిస్తూ అన్ని పాఠాలూ ఇమడాలంటే కనీసం ఎన్ని పీరియడ్లు కావాలి?

సగం జవాబు తేలికే. ఏ టీచరుకైనా మూడు పాఠాలుంటే మూడు పీరియడ్లకు తగ్గి కుదరదు. తరగతికైనా అంతే. అంటే అందరిలోకీ ఎక్కువ పాఠాలున్నవారి లెక్క ఎంతో, కనీసం అన్ని పీరియడ్లు ఉండి తీరాలి. మిగతా సగమే విశేషం: అన్ని పీరియడ్లు ఉంటే చాలు, ఇంకొక్కటి కూడా అక్కర్లేదు. బడి ఎంత పెద్దదైనా, ఎవరు ఏ తరగతికి వెళ్లాల్సి ఉన్నా ఇది నిజం. బుడాపెస్ట్‌కు చెందిన గణితవేత్త దేనెష్ కోనిగ్ 1916లో దీన్ని నిరూపించారు.

గణితంలో దీన్ని చుక్కలు, గీతలుగా గీస్తారు. ఎడమవైపు టీచర్లకు చుక్కలు, కుడివైపు తరగతులకు చుక్కలు, ప్రతి పాఠానికీ ఒక గీత. ప్రతి గీతా ఒక వైపు నుంచి రెండో వైపుకే వెళ్తుంది. ఇద్దరు టీచర్ల మధ్య గానీ రెండు తరగతుల మధ్య గానీ గీత ఉండదు. ఇలాంటి బొమ్మే బైపార్టైట్ గ్రాఫు. ఒక చుక్కను తాకే గీతల సంఖ్య దాని డిగ్రీ. పీరియడ్లు రంగులన్నమాట. ఒకే చుక్క దగ్గర కలిసే రెండు గీతలకు ఒకే రంగు ఉండకూడదు. గరిష్ఠ డిగ్రీ ఎంతో అన్ని రంగులు సరిపోతాయన్నది కోనిగ్ సిద్ధాంతం.

ఎందుకు సరిపోతాయో ఒక చిన్న బడిలో చూద్దాం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు. లెక్కలు, తెలుగు, సైన్స్, సోషల్ టీచర్లు. ఎవరికీ మూడు పాఠాలకు మించి లేవు కాబట్టి పీరియడ్లు మూడే. ఇప్పటిదాకా ఎనిమిది పాఠాలు ఇలా వేశాం:

మొదటి పీరియడ్: ఎనిమిదికి తెలుగు, తొమ్మిదికి సైన్స్, పదికి సోషల్.
రెండో పీరియడ్: ఎనిమిదికి లెక్కలు, తొమ్మిదికి తెలుగు.
మూడో పీరియడ్: ఎనిమిదికి సైన్స్, తొమ్మిదికి లెక్కలు, పదికి తెలుగు.

పదో తరగతికి లెక్కల పాఠం ఒక్కటే మిగిలింది. లెక్కల టీచరుకు మొదటి పీరియడ్ ఖాళీ, కానీ అప్పుడు పదో తరగతిలో సోషల్ నడుస్తోంది. పదో తరగతికి రెండో పీరియడ్ ఖాళీ, కానీ అప్పుడు లెక్కల టీచర్ ఎనిమిదిలో ఉన్నారు. ఇక్కడ నాలుగో పీరియడ్ కావాలనిపిస్తుంది. అవసరం లేదు.

లెక్కల టీచర్ దగ్గర మొదలుపెట్టి రెండో పీరియడ్, మొదటి పీరియడ్ పాఠాలను ఒకటి తర్వాత ఒకటిగా పట్టుకుంటూ పోదాం. రెండో పీరియడ్‌లో ఆయన ఎనిమిదిలో ఉన్నారు. ఎనిమిదికి మొదటి పీరియడ్‌లో తెలుగు. తెలుగు టీచర్ రెండో పీరియడ్‌లో తొమ్మిదిలో ఉన్నారు. తొమ్మిదికి మొదటి పీరియడ్‌లో సైన్స్. సైన్స్ టీచరుకు రెండో పీరియడ్ ఖాళీ. గొలుసు అక్కడితో ఆగింది.

ఇప్పుడు ఈ గొలుసులోని నాలుగు పాఠాలకూ పీరియడ్లు తారుమారు చేయాలి. రెండో పీరియడ్‌వి మొదటిదానికి, మొదటివి రెండోదానికి. ఎనిమిదో తరగతి, తెలుగు టీచర్, తొమ్మిదో తరగతి మధ్యలో ఉన్నారు. వాళ్లకు రెండు పీరియడ్లూ నిండే ఉన్నాయి, మారాక కూడా నిండే ఉంటాయి. చివరనున్న సైన్స్ టీచర్ ఖాళీగా ఉన్న రెండో పీరియడ్‌లోకి జరుగుతారు. ఎవరికీ గొడవ లేదు. లెక్కల టీచర్ మొదటి పీరియడ్‌లోకి జరగడంతో ఆయనకు రెండోది ఖాళీ అయింది. పదో తరగతికి అదే ఖాళీ. తొమ్మిదో పాఠం అక్కడ కూర్చుంది.

మరి ఈ గొలుసు తిరిగి తిరిగి పదో తరగతినే చేరితే? అప్పుడు తారుమారులో దాని ఖాళీ కూడా జరిగిపోయి శ్రమ వృథా అవుతుంది. కానీ అలా జరగదు. మొదటి అడుగు టీచర్ నుంచి తరగతికి, రెండో పీరియడ్ గీత మీద. రెండో అడుగు తరగతి నుంచి టీచరుకు, మొదటి పీరియడ్ గీత మీద. గీతలన్నీ ఒక వైపు నుంచి మరో వైపుకే కాబట్టి ఈ వరస తప్పదు. అంటే గొలుసు ఏ తరగతిలో అడుగుపెట్టినా రెండో పీరియడ్ గీత మీదే రావాలి. పదో తరగతికి రెండో పీరియడ్ పాఠమే లేదు. ఇక అందులోకి దారేది? గొలుసు వెనక్కి చుట్టుకోవడానికీ వీల్లేదు, ఎందుకంటే ఒక్కో చుక్క దగ్గర ఒక్కో రంగు గీత ఒకటికి మించి ఉండదు.

నిరూపణ ఇంతే. పాఠాలను ఒక్కొక్కటిగా వేస్తూ పోవాలి. వేయాల్సిన పాఠం ఇంకా మిగిలే ఉంది కాబట్టి ఆ టీచరుకు కనీసం ఒక ఖాళీ, ఆ తరగతికి కనీసం ఒక ఖాళీ ఎప్పుడూ ఉంటాయి. రెండూ ఒకే పీరియడ్ అయితే సరే. కాకపోతే ఒక గొలుసు తిప్పితే ఒకటవుతాయి. ఒకే టీచర్ ఒకే తరగతికి రోజులో రెండు పాఠాలు చెప్పినా వాదనలో అక్షరం మారదు.

రెండు వైపులు లేనిచోట ఇదే వాదన ఎక్కడ విరుగుతుందో చూస్తే దాని బలం తెలుస్తుంది. ముగ్గురు చదరంగం ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఒక్కో ఆట ఆడాలి. ఒక్కొక్కరికి రెండు ఆటలే, అయినా రెండు రౌండ్లు చాలవు. మొదటివారూ రెండోవారూ ఒకటో రౌండ్‌లో, రెండోవారూ మూడోవారూ రెండో రౌండ్‌లో ఆడారనుకోండి. మిగిలింది మొదటివారికీ మూడోవారికీ మధ్య ఆట. మొదటివారి నుంచి గొలుసు పడితే అది రెండోవారి మీదుగా నేరుగా మూడోవారినే చేరుతుంది. తిప్పితే ఇద్దరి ఖాళీలూ తారుమారవుతాయి, కలవవు. ఇలా బేసి సంఖ్య గీతలతో మూసుకునే చక్రాలే చిక్కు తెస్తాయి. బైపార్టైట్ గ్రాఫులో అవి ఉండవు.

అలాంటి గ్రాఫుల్లోనూ, రెండు చుక్కల మధ్య ఒకటికి మించి గీతలు లేకపోతే, గరిష్ఠ డిగ్రీ కన్నా ఒక్క రంగు ఎక్కువుంటే చాలని 1964లో వాదిమ్ విజింగ్ చూపించారు. ఆ ఒక్క రంగు నిజంగా కావాలో అక్కర్లేదో తేల్చడం మాత్రం కష్టమైన సమస్యల కోవలో పడుతుందని 1981లో ఇయాన్ హోలియర్ నిరూపించారు.

కోనిగ్ సిద్ధాంతానికి మరో హద్దు కూడా ఉంది. అది ఎవరి వీలూ అడగదు, ఏ పాఠాన్నైనా ఏ పీరియడ్‌కైనా జరిపేస్తుంది. సైన్స్ టీచర్ రెండో పీరియడ్‌లో బడిలో ఉండరంటే మన గొలుసు తిప్పడం కుదిరేది కాదు. ఇలాంటి షరతులు చేరిస్తే టైమ్‌టేబుల్ కూడా ఆ కష్టమైన కోవలోకే పోతుందని 1976లో ఎవెన్, ఇటాయ్, షమీర్ చూపించారు. కాబట్టి టైమ్‌టేబుల్ కుదరనప్పుడు ముందు పాఠాల లెక్క చూడాలి. ఎవరి పాఠాలూ పీరియడ్ల సంఖ్యను మించకపోతే తప్పు పని భారంలో లేదు. అడ్డు పడుతున్నది ఎవరో పెట్టిన షరతు, లేదా మనం ఇంకా తిప్పని గొలుసు.